‘ఇది ఇసుర్రాయి గదమ్మా!’: మూడు లోగోల మీద ఒక నూనె వ్యాపారి కుటుంబం చెప్పిన మాటలు

అనంతపురం జిల్లాలో చెక్క గానుగ మీద నూనె ఆడించి అమ్మే కుటుంబం ఒకటి కొత్త లోగో, లేబుళ్లు, అట్టపెట్టెలు కావాలని నా దగ్గరికి వచ్చింది. వాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. బ్రాండు పేరులో మూడక్షరాలున్నాయి, మధ్య అక్షరానికి కింద వొత్తు ఉంది. ఈ రెండూ తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. గానుగ దగ్గర పెద్దాయన ఉంటారు. హైదరాబాద్, బెంగళూరు షాపుల్లో సరుకు వేయించేది కొడుకు. ఆర్డర్లు, ప్యాకింగు, బిల్లులు కోడలు చూసుకుంటుంది. ముగ్గురిలో ఎవరూ డిజైన్ చదువుకోలేదు.

లోగో ఎలా గీశానో చెప్పడానికి ఇది రాయడం లేదు. మూడు కాన్సెప్టులు ముందు పెట్టాక వాళ్లు ఏమన్నారు, ఏ మాటతో పని కదిలింది, ఏ మాట దగ్గర అందరం ఆగిపోయాం, ఆగినచోట ఏం అడిగితే దారి దొరికింది అన్నదే ఇక్కడి విషయం.

గీయకముందు రాసుకున్న పేజీ

పెన్సిల్ పట్టకముందే నలుగురం కూర్చుని ఒక పేజీ రాసుకున్నాం, మా పనిలో దీన్ని బ్రీఫ్ అంటాం. కొనేది ఎవరు: యాభై దాటిన ఊరి గృహిణులు, పిల్లలు పుట్టాక రిఫైన్డ్ నూనె మానేసిన సిటీ దంపతులు. ఎక్కడ కనిపిస్తుంది: కిరాణా షాపులో యజమాని వెనక అరలో, ఫోన్ తెర మీద, అట్టపెట్టె మీద, బిల్లు మీద. ఏం అర్థం కావాలి: ధర ఎందుకు ఎక్కువో. ఏది మార్చకూడదు: ఎర్ర మూత. చివరిది పెద్దాయన చెప్పారు. ఊళ్లో చాలామంది పేరు అడగరు, ‘ఎర్ర మూత నూనె’ అనే అడుగుతారట.

ఈ పేజీ లేకపోయుంటే తర్వాత వచ్చిన ఫీడ్‌బ్యాక్‌లో సగం గాల్లో మాటలయ్యేవి. కాన్సెప్టులు చూసేముందు దాన్ని ఇంకోసారి చదవమని క్లయింట్లందరికీ చెబుతాను. నెల కిందట ఏం కావాలనుకున్నామో బొమ్మలు కళ్లముందుకి రాగానే మర్చిపోవడం మామూలే.

మూడు కాన్సెప్టులకు అంకెలు వేయలేదు. ఒకటి, రెండు, మూడు అని పేరు పెడితే అవి ర్యాంకుల్లాగే వినిపిస్తాయి. అందుకని గానుగ, వొత్తు, పట్టీ అన్నాను. ‘గానుగ’లో గానుగని పైనుంచి చూసినట్టు ఒక వృత్తం, దాని మధ్య నుంచి పక్కకి వచ్చే ఒక కర్ర, కింద చిన్నగా పేరు. ‘వొత్తు’లో బొమ్మ లేదు. పేరునే చేత్తో రాసిన తెలుగు అక్షరాలు, మధ్య అక్షరం కింది వొత్తు నూనె బొట్టులా బరువుగా దిగుతుంది. ‘పట్టీ’లో పేరు చాలా చిన్నది. సీసా చుట్టూ తిరిగే వెడల్పాటి రంగు పట్టీ అసలు గుర్తు: వేరుశనగకి ఒక రంగు, నువ్వులకి ఒకటి, కొబ్బరికి ఒకటి.

మూడింటినీ ముందు నలుపులోనే చూపించాను. తర్వాత ఒకే సీసా మీద, ఒకే సైజులో, ఒకే వెలుగులో. ఇది నియమంగా పాటిస్తాను. ఒక కాన్సెప్టుని సాయంత్రపు ఎండలో మెరిసే సీసా మీద, ఇంకోదాన్ని తెల్ల కాగితం మీద పెడితే ఎండే గెలుస్తుంది. మీ డిజైనర్ అలా చూపిస్తే, మూడూ ఒకే సీసా మీద చూపించండి అని అడగండి. ఇంకోటి కూడా అడగాలి. చూపించడానికి చేసే నమూనా లేబుళ్లలో తరచుగా ఉండనివి చట్టం అడిగే వివరాలు: నికర పరిమాణం, ఎమ్మార్పీ, తయారీ తేదీ, చిరునామా, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, శాకాహారపు పచ్చ గుర్తు. ఇవి లేని లేబుల్ ఎప్పుడూ అందంగానే ఉంటుంది. ఇవన్నీ వచ్చాక లోగోకి మిగిలే చోటు ఎంతో చూడకుండా అభిప్రాయం చెబితే, మీ షాపులోకి రాని వస్తువు మీద చెప్పినట్టే.

మూడెందుకు అని కొడుకు అడిగాడు. మంచి ప్రశ్నే. 1986లో స్టీవ్ జాబ్స్ కొత్త కంపెనీ నెక్స్ట్‌కి డిజైనర్ పాల్ రాండ్ లక్ష డాలర్లు తీసుకుని ఒకే ఒక్క లోగో ఇచ్చాడు. ఒకటే ఇవ్వడం తప్పేమీ కాదు. నేను మూడు ఇచ్చేది, మూడు వేర్వేరు పందేలు ఎదురుగా ఉంటే క్లయింటుకి తన వ్యాపారం గురించి మాట్లాడటం తేలికవుతుందని. ఇక్కడ ఒకటి పని మీద పందెం, ఒకటి పేరు మీద, ఒకటి అరలో రంగు మీద. మూడూ ఒకే ఆలోచనకి మూడు రకాల అలంకారాలైతే, ‘ఏది నచ్చింది’ తప్ప అడగడానికి ఏమీ మిగలదు.

మొదటి రోజు మాటలు

నేను బయల్దేరేలోపే కొడుకు మూడింటినీ ఫోన్‌లో ఫొటో తీసి కుటుంబ గ్రూపులో పెట్టేశాడు. సాయంత్రానికి మెసేజ్‌లు వరస కట్టాయి. ‘మూడూ బాగున్నాయి కానీ ఏదో తక్కువైంది.’ ‘రెండోది ప్రీమియంగా లేదు.’ ‘లోగో పెద్దది చేయాలి.’ ‘గానుగ బొమ్మ, వొత్తు అక్షరాలు, పట్టీ రంగులు కలిపి ఒకటి చేయించు.’ టెక్సాస్‌లో ఉన్న అల్లుడు అక్కడి సూపర్‌మార్కెట్లో ఆలివ్ నూనె సీసాలు నాలుగు ఫొటో తీసి పంపాడు. చివరికి ఓటింగు పెట్టారు, గానుగ గెలిచింది.

ఈ మాటల్లో ఏదీ తెలివితక్కువది కాదు. కానీ వీటితో నేను చేయగలిగింది దాదాపు లేదు. ఓటింగ్‌నే తీసుకోండి. ఓటేసినవాళ్లు చూసింది బొటనవేలంత ఫొటో. వాళ్లకి అందిన ప్రశ్న ‘ఏది బాగుంది’. ఓటేసేటప్పుడు షాపు అర వాళ్ల మనసులో ఉండదు, బ్రీఫ్ పేజీ వాళ్లు చూడనే లేదు. అంత చిన్న ఫొటోలో నల్లగా, గుండ్రంగా, ఒంటరిగా ఉన్న ఆకారం ఎప్పుడూ ముందుంటుంది. గానుగ గెలవడానికి కారణం అదేనని నా అనుమానం.

అల్లుడి ఫొటోల విషయం వేరు. అమెరికాకి ఎగుమతి చేసే ఆలోచన ఉందా అని కొడుకుని అడిగాను. లేదన్నాడు. అయితే ఆ సీసాలు ఇప్పటి పనికి సంబంధించినవి కావు. అల్లుడిగారిని చిన్నబుచ్చకుండా ఆ మాట కొడుకే చెప్పాడు. అభిప్రాయం ఎవరు చెప్పినా వినొచ్చు, నాకు చేరేది మాత్రం మీ ముగ్గురిది ఒకే కాగితంగా చేరాలని ముందే మాట తీసుకున్నాను. ముగ్గురూ మూడు ఫోన్ల నుంచి మూడు రకాలుగా చెబితే, వాళ్ల మధ్య తీర్పు చెప్పే పని నా మీద పడుతుంది. అది నా పని కాదు, దానికి తగినదాన్నీ కాను.

ఎవరు ముందు మాట్లాడాలి

రెండు రోజులు ఎవరూ ఎవరితోనూ దీని గురించి మాట్లాడొద్దని, ముగ్గురూ విడివిడిగా రాసుకోమని చెప్పాను. అసలు సైజులో ప్రింటు తీసిన లేబుళ్లు ఇచ్చి ఖాళీ సీసాలకి అంటించుకోమన్నాను. రాయాల్సింది నాలుగు సంగతులు. మొదట, ఏం కనిపిస్తోందో. బాగుందా లేదా కాదు, ఉన్నదున్నట్టు ఏం కనిపిస్తోందో. తర్వాత, బ్రీఫ్ పేజీలో ఏ వాక్యానికి ఇది సరిపోయింది, దేనికి సరిపోలేదు. మూడోది, మీ చోట, అంటే గానుగ దగ్గరో షాపులోనో ప్యాకింగ్ బల్ల మీదో, ఇది ఎక్కడ ఇబ్బంది పెడుతుంది. చివరగా ఇష్టాయిష్టాలు, వాటిని ఇష్టాలుగానే. ఎలా సరిచేయాలో రాయొద్దన్నాను.

మళ్లీ కలిసినప్పుడు కోడలిని ముందు చదవమన్నాను, తర్వాత కొడుకు, చివర పెద్దాయన. మన ఇళ్లలో పెద్దవాళ్లు ముందు ఒక మాట అనేశాక మిగతావాళ్ల కాగితాలు జేబుల్లోనే ఉండిపోతాయి. ఈ వరస గురించి పెద్దాయనకి ముందే చెప్పాను. ‘చెప్పనీమ్మా, నేను యాడికి పోతా’ అని నవ్వారు.

కోడలు రాసింది ఇది, ఆమె మాటల్లోనే:

‘పట్టీ: సీసా చుట్టూ రంగు గీత తిరిగి వచ్చి కలుస్తోంది. మా దగ్గర లేబుళ్లు చేత్తో అంటిస్తారు. నేనే పది అంటించి చూశాను. ఆరింటిలో రెండు కొసలు కలవలేదు, ఒకటి పైకి ఒకటి కిందికి పోయింది. దూరం నుంచి కూడా తెలుస్తోంది. వొత్తు: బిల్లు మీద రబ్బరు స్టాంపు కొడతాం కదా, అంత చిన్నగా చేస్తే కింద ఉన్న వొత్తు మూసుకుపోతుందని అనుమానం. గానుగ: పైభాగంలో సన్న గీతలున్నాయి. మూత దగ్గర కొంచెం నూనె కారుతూనే ఉంటుంది, లేబుల్ పైన రెండు వేళ్ల మేర తడుస్తుంది. కాగితం లేబుల్ అయితే ఆ చోట గీతలు కనపడవు.’

ఇందులో ‘నచ్చింది’ అన్న మాటే లేదు. డిజైన్ పదమూ ఒక్కటి లేదు. కానీ నా కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చున్నా నాకు తెలియని మూడు సంగతులు ఇందులో ఉన్నాయి. లేబుల్ అంటించే యంత్రం కొనే ఆలోచన లేదని తేలాక, పట్టీ కాన్సెప్టు ఉన్న రూపంలో నిలవదని ఆ బల్ల దగ్గరే అందరికీ అర్థమైంది. చేత్తో అంటించినప్పుడు ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా రాకుండా ఉండదు. మామూలు లేబుల్ అయితే ఆ తేడా ఎవరికీ కనపడదు. చుట్టూ తిరిగి కలవాల్సిన గీత ఉంటే ప్రతి సీసా తప్పుగా అంటించినట్టే కనిపిస్తుంది. ‘పట్టీ నాకు నచ్చలేదు’ అని మాత్రమే ఆమె రాసి ఉంటే, నేను రంగులు మార్చి మళ్లీ అదే పట్టీ పట్టుకొచ్చేదాన్ని.

కొడుకు కాగితంలో ‘వొత్తు ప్రీమియంగా లేదు’ అన్నదే మళ్లీ ఉంది. ఇలాంటి మాట వచ్చినప్పుడు నేను వాదించను, అలాగని వెళ్లి బంగారు రంగూ పూయను. ఆ మాట అనిపించిన సంఘటన ఏదో అడుగుతాను.

‘ఎక్కడ నిలబడితే అలా అనిపించింది?’

‘షాపులో మేడమ్. మా నూనె పక్కన రిఫైన్డ్ ప్యాకెట్లు ఉంటాయి. వాటికన్నా మాది చాలా ఎక్కువ రేటు. కస్టమర్ సీసా చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పుతాడు, రేటు చూస్తాడు, పెట్టేస్తాడు.’

‘తిప్పే ముందు ముందువైపు ఏం చదివితే పెట్టేయడు?’

కాసేపు ఆలోచించి, ‘చెక్క గానుగ అని. ఒక్క రకం గింజ, ఇంకే నూనే కలపలేదని’ అన్నాడు.

అతను ప్రీమియం అన్నది దాన్ని. ధరకి కారణం ముందువైపు కనపడటం లేదు. ఆ సంగతి బ్రీఫ్‌లో ఉంది, నా వొత్తు లేబుల్‌లో ఆ మాట కింద చిన్నక్షరాల్లో ఉంది. అక్షరాల తీరు మార్చనక్కర్లేదు, ఆ వాక్యాన్ని పైకి తేవాలి. ‘లోగో పెద్దది చేయాలి’ అన్నదీ చాలాసార్లు ఇలాంటిదే. లోగో చిన్నదని కాదు, దాని చుట్టూ ఉన్నవన్నీ దానితో సమానంగా అరుస్తున్నాయని. ఆ మాట అనబోయే ముందు సీసాని అరలో పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, ముందు కంటపడింది ఏమిటో రాసుకుంటే చాలు. ‘నాకు ముందు ఆకుపచ్చ చుక్క కనపడింది, పేరు మూడోసారికి కనపడింది’ అని చెబితే సైజు పెంచాలో, పక్కది తగ్గించాలో డిజైనర్ చూసుకుంటుంది.

అతని కాగితంలో ఇంకోటి: మూతలు కూడా నూనెని బట్టి రంగులు మారిస్తే బాగుంటుందని. పెద్దాయన నోరు తెరిచేలోపే కోడలు బ్రీఫ్ పేజీలో ఎర్ర మూత వాక్యం మీద వేలు పెట్టింది. 2009లో అమెరికాలో ట్రాపికానా నారింజ రసం డబ్బా రూపం మొత్తం మార్చేస్తే, రోజూ కొనేవాళ్లే గుర్తుపట్టలేక గోల చేశారు. రెండు నెలల్లోపే పాత డబ్బాకి తిరిగి వెళ్తున్నామని కంపెనీ ప్రకటించాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థకి డబ్బు పెట్టి నేర్చుకోవాల్సి వచ్చిన సంగతి ఈ ఇంట్లో పెద్దాయనకి అలవాటుగా తెలుసు.

ఇసుర్రాయి

చివరికి పెద్దాయన వంతు. కాగితం తీయలేదు. గానుగ కాన్సెప్టు అంటించిన సీసాని చేతిలోకి తీసుకుని కాస్త దూరంగా పట్టుకుని చూశారు.

‘ఇది ఇసుర్రాయి గదమ్మా!’

కోస్తా వైపు తిరగలి అంటారు, పిండి విసిరేది. గుండ్రటి రాయి, అంచున నిలబడిన పిడి. నా బొమ్మలో వృత్తం, మధ్య నుంచి పక్కకి వచ్చిన కర్ర. ఒకసారి ఆయన అన్నాక ఇంకోలా చూడటం మాలో ఎవరివల్లా కాలేదు. ఓటింగులో గెలిచిన బొమ్మ అది.

ఆయన అక్కడితో ఆగలేదు. ‘గానుగని ఎవరు పైనుంచి చూస్తారు? పక్కన నిలబడి చూస్తారు. రోకలి వాలి ఉంటుంది. ఆ వాలు లేకపోతే గానుగ కాదు’ అని చెయ్యి ఏటవాలుగా పెట్టి చూపించారు. ఆ చెయ్యి వాలుని అక్కడే కాగితం మీద గీసుకున్నాను.

ఆయన ఏం చెప్పారో, ఏం చెప్పలేదో గమనించండి. ‘వృత్తం పెద్దది చేయి, కర్ర లావు చేయి’ అనలేదు. తనకేం కనిపించిందో చెప్పారు, గానుగని గానుగగా గుర్తుపట్టించేది ఏమిటో చెప్పారు. మొదటిది ఎవరైనా చెప్పగలరు. రెండోది ఆ పనిలో ఏళ్లు గడిపినవాళ్లే చెప్పగలరు. కర్ర లావు చేయమని ఉంటే లావు చేసేదాన్ని, లావుపాటి ఇసుర్రాయి తయారయ్యేది.

ఆయన ఒక్కరికే అలా కనిపించిందేమోనన్న అనుమానం తీరడానికి చిన్న పరీక్ష చేశాం. కోడలు మూడు సీసాలు సంచిలో వేసుకుని తనకి తెలిసిన కిరాణా షాపులకి వెళ్లింది. ఒక్కో సీసాని కొన్ని సెకన్లు చూపించి మళ్లీ సంచిలో పెట్టేయాలి. తర్వాత రెండే ప్రశ్నలు: ఇందులో ఏం అమ్ముతున్నాం? మళ్లీ కావాలంటే ఏమని అడుగుతావు? ‘బాగుందా’ అని అడగొద్దని గట్టిగా చెప్పాను. మనకి తెలిసినవాళ్లు ముఖం మీద బాగాలేదని చెప్పరు.

గానుగ చూసినవాళ్లలో కొందరు పిండి అన్నారు, ఒకరు రాగి మాల్ట్ అన్నారు. పట్టీ చూసినవాళ్లు ‘పసుపు గీత సీసా’ అన్నారు, పేరు ఎవరికీ గుర్తులేదు. వొత్తు చూసినవాళ్లలో ఎక్కువమంది పేరు చెప్పారు. నూనె అని మాత్రం సగంమందే చెప్పారు, మిగతావాళ్లు తేనె అనుకున్నారు. ఇంత చిన్న పరీక్షతో ఏ కాన్సెప్టు గెలిచిందో తేల్చకూడదు. ఎక్కడ చిల్లు ఉందో తెలుసుకోవడానికి మాత్రం సరిపోతుంది. వొత్తుకి చిల్లు ఎక్కడుందో తెలిసింది: అది నూనె అని తొందరగా చెప్పడం లేదు.

కలిపి ఇవ్వండి అన్నప్పుడు

అప్పుడు కొడుకు మళ్లీ పాత మాటకే వచ్చాడు. వొత్తు అక్షరాలకి గానుగ బొమ్మ, పట్టీ రంగులు కలిపేస్తే అన్ని చిల్లులూ పూడతాయి కదా అని. ఈ మాట అనని క్లయింటు నాకు తక్కువగా కనిపిస్తారు. చాలామంది డిజైనర్లు ఇది వినగానే మొహం మాడ్చుకుంటారు. నాకు అందులో సగం సబబే అనిపిస్తుంది.

సబబు కానిదేమిటంటే, వొత్తులో అక్షరాలే బొమ్మ. తెలుగు అక్షరాలకి పైన తలకట్టు, కింద వొత్తు ఉండటంతో పేరు ఎత్తుగా చోటు తీసుకుంటుంది. అదే పేరుని ఇంగ్లీషులో రాస్తే సన్నటి ఒక వరసలో అయిపోతుంది. లేబుల్ ఎత్తులో మూడో వంతు పేరుకే పోయాక, దాని నెత్తిన ఇంకో బొమ్మ పెడితే రెండూ చిన్నవవుతాయి. కంటికి ముందు ఏది చూడాలో తెలియదు. అక్షరాలూ బొమ్మా రెండూ నాయకత్వం కోసం పోట్లాడితే, వెనక అరలో ఉన్న సీసా మీద ఏదీ అందదు.

సబబైన సగం రంగులది. పట్టీలోని రంగులు లోగో కావు, ఏ నూనె ఏదో చెప్పే సమాచారం. అవి ఏ లోగోతోనైనా పోతాయి. అందుకని కొడుకుని అడిగిన ప్రశ్న ఇది: ఒక్కోదాంట్లో నీకు నచ్చింది ఏ పని చేస్తోంది? రంగులు, గోదాములో సీసాలు తారుమారు కాకుండా చూస్తాయన్నాడు. గానుగ బొమ్మ, ఇది చెక్క గానుగ నూనె అని చెబుతుందన్నాడు. అక్షరాలు, మా పేరు గుర్తుండేలా చేస్తాయన్నాడు. పనులు విడిపోయాక చోట్లూ విడిపోయాయి. పేరు లోగోగా ముందు నిలిచింది. రంగు, లేబుల్‌కి ఒక పక్కన నిలువుగా ఒక ముక్కగా మిగిలింది. అది చుట్టూ తిరగదు కనక కొసలు కలవాల్సిన పని లేదు. పెద్దాయన చేతివాలుతో గీసిన గానుగ, లేబుల్ వెనకవైపు, అట్టపెట్టె మీద బొమ్మగా వెళ్లింది. అక్కడ చోటు ఉంది, తొందర లేదు. ‘చెక్క గానుగ వేరుశనగ నూనె’ అన్న మాట పేరుకి వెంటనే కింద, పేరు తర్వాత అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో. తేనె అనుకున్నవాళ్లకి జవాబు అదే.

మీరు క్లయింటు అయితే, కలపమని అడిగే ముందు ఈ పని మీరే చేసి పంపొచ్చు. ‘దీని బొమ్మ, దాని అక్షరాలు’ అనే బదులు ‘దీంట్లో చెక్క గానుగ అని తెలుస్తోంది, దాంట్లో తెలియడం లేదు’ అని రాస్తే, దాన్ని తెలియజేసే దారి వెతకడం డిజైనర్ బాధ్యత అవుతుంది.

రెండో విడత

ఈసారి ఒకే దారి, అందుకే ప్రశ్నలు ఇరుకయ్యాయి. కోడలి స్టాంపు అనుమానాన్ని తీర్చడానికి పదిహేను మిల్లీమీటర్ల వెడల్పులో నిజంగానే రబ్బరు స్టాంపు చేయించి బిల్లుల కాగితం మీద కొట్టించాను. ఆమె చెప్పినట్టే వొత్తు లోపలి ఖాళీ సిరాతో పూడిపోయింది, ఆ అక్షరం ఇంకో అక్షరంగా చదవబడింది. దాంతో చిన్న సైజులకి వేరే రూపం గీశాను. వొత్తు బొట్టులా లావుగా ఉండదు, లోపలి ఖాళీ పెద్దది, వొత్తుకీ పై అక్షరానికీ మధ్య దూరం ఎక్కువ. స్టాంపు, ఫోన్‌లో గుండ్రటి ప్రొఫైల్ బొమ్మ, అట్టపెట్టె మీద ఒక్క రంగులో పడే ముతక అచ్చు, ఈ మూడింటికీ అదే వాడతారు. లేబుల్ కాగితం బదులు ప్లాస్టిక్ పొర మీద అచ్చు వేయించాలని నిర్ణయమైంది. నూనె తడిసినా తుడిస్తే పోతుంది. కాగితం కన్నా ఖర్చు ఎక్కువే, ఆ లెక్క కోడలే వేసుకుని ఒప్పుకుంది.

ఈ విడతలో వచ్చిన మాటల్ని వాళ్లే రెండు గుంపులుగా రాసి ఇచ్చారు: మారకపోతే అచ్చుకి పంపలేనివి, మారితే సంతోషించేవి. మొదటి గుంపులో రెండే ఉన్నాయి. నువ్వుల నూనె రంగు ముక్క మరీ నల్లగా ఉండి దాని మీద ముద్రించే బ్యాచ్ నంబరు కనపడటం లేదన్నది ఒకటి. చిరునామాలో మండలం పేరు తప్పన్నది రెండోది. రెండో గుంపులో ఆరేడు ఉన్నాయి, వాటిలో మూడు చేశాను. మిగతావి ఎందుకు చేయలేదో ఒక్కో వాక్యంలో రాసి పంపాను. అక్షరాల మధ్య ఎడం, వంపుల లావు, ఏ రంగు ప్లాస్టిక్ మీద ఎంత ముదురుగా పడుతుందన్నవి నన్ను నమ్మి వదిలేశారు. వాటిని చూసి చెప్పమని క్లయింటుని అడగను. అక్కడ తప్పు జరిగితే బాధ్యత నాది. ట్రేడ్‌మార్క్ సంగతి మాత్రం వాళ్లు అడిగి తెలుసుకోవాల్సిందే. వంటనూనెలు 29వ తరగతిలోకి వస్తాయి. ఆ తరగతిలో దగ్గరి పేర్లు, దగ్గరి రూపాలు ఉన్నాయేమో వెతికి, ఆ పైన న్యాయవాదికి చూపించాకే చివరి ఫైళ్లు చేశాను.

అంతా ఒప్పుకున్నాక కొడుకు ఫోన్ చేశాడు. న్యూమరాలజీ ప్రకారం ఇంగ్లీషు పేరులో ఇంకో A చేర్చాలట. ఇలాంటి నమ్మకాల మీద నాకు అభిప్రాయం ఉంది, కానీ అది నా పనిలో భాగం కాదు. అది కూడా లేబుల్ కొలతలాంటి ఒక షరతే. ముహూర్తం, అక్షరాల లెక్క, ఇంట్లో పనికిరాని రంగు ఏమైనా ఉంటే మొదటి పేజీ రాసేరోజే చెప్పాలని మాత్రం ఇప్పుడు అందరికీ ముందే చెబుతున్నాను. లోగో ఇంగ్లీషు అక్షరాల మీద నిలబడిన కాన్సెప్టు అయ్యుంటే ఆ ఒక్క A కోసం మొత్తం మళ్లీ గీయాల్సి వచ్చేది. ఇక్కడ ఇంగ్లీషు పేరు తెలుగు పేరు కింద చిన్న వరస కాబట్టి ఎడం సర్దితే సరిపోయింది. లేబుళ్లు ఆ అదనపు A తోనే అచ్చయ్యాయి.